స్లిప్ రోడ్డు నుంచి ఎక్స్‌ప్రెస్‌వేలో ఎలా కలవాలి: వేగం, ఖాళీ, వంతు

ఎక్స్‌ప్రెస్‌వేలో కలిసే ప్రతిసారీ డ్రైవరు రెండు విషయాలు తేల్చుకోవాలి. ఏ వాహనం వెనక చేరాలి, ఆ వాహనంతో సమానమైన వేగాన్ని ఎక్కడికల్లా అందుకోవాలి. లేన్ అయిపోవచ్చాక ఈ రెండింటి గురించి ఆలోచించడం మొదలుపెడితే చేతిలో మిగిలేది బ్రేకు ఒక్కటే. అందువల్ల స్లిప్ రోడ్డు మీద, అంటే ఎక్స్‌ప్రెస్‌వేలోకి చేర్చే ర్యాంపు మీద, వంపు దాటుతుండగానే ఇవి తేలిపోయేలా ఏమేం చూడాలో, ఏ క్రమంలో చేయాలో ఇక్కడ వివరిస్తాను. వాహనాలు రోడ్డుకు ఎడమవైపు నడిచే పద్ధతిని, అంటే స్లిప్ రోడ్డు ఎడమ నుంచి వచ్చి కలిసే అమరికను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. కుడివైపు నడిచే దేశాలలో నడిపేవారు కుడి ఎడమలను మార్చుకుని చదువుకోవాలి.

ముందుగా హక్కు ఎవరిదో స్పష్టంగా ఉండాలి. ఎక్స్‌ప్రెస్‌వే మీద అప్పటికే నేరుగా వెళ్తున్న వాహనాలకే ప్రాధాన్యం. కొత్తగా చేరే వాహనం వాటికి దారి ఇవ్వాలి. 1968 నాటి వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందంలోని 25వ అధికరణం ఈ మాట చెబుతూనే, యాక్సిలరేషన్ లేన్ ఉన్న చోట దానిని తప్పక వాడుకోవాలని కూడా అంటుంది. ఈ రెండు మాటలనూ కలిపి అర్థం చేసుకోవాలి. దారి ఇవ్వడం అంటే ఆగిపోవడం అని చాలామంది అనుకుంటారు. కూడలి దగ్గర అది నిజమే కావచ్చు గాని, ఎక్స్‌ప్రెస్‌వే దగ్గర దారి ఇవ్వడం అంటే వెనక వచ్చేవారు బ్రేకు వేయవలసిన అవసరం గాని, పక్కకు తప్పుకోవలసిన అవసరం గాని రాకుండా వారి మధ్య చేరడం. అందుకు కావలసిన వేగాన్ని కూడగట్టుకోవడానికే ఆ లేన్ వేశారు.

లేన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది

ర్యాంపు ఎక్స్‌ప్రెస్‌వేను తాకే చోట రెండు రోడ్ల మధ్య త్రిభుజాకారంలో తెల్లటి ఏటవాలు గీతలు గీసి ఉంటాయి. ఆ త్రిభుజం మొన దగ్గర యాక్సిలరేషన్ లేన్ మొదలవుతుంది. అక్కడి నుంచి మీ లేన్‌కూ ఎక్స్‌ప్రెస్‌వే ఎడమ లేన్‌కూ మధ్య విడివిడి గీతలు కొంత దూరం సాగుతాయి. చివరలో మీ లేన్ క్రమంగా సన్నబడి ఎడమ లేన్‌లో కలిసిపోతుంది. తెల్ల గీతల త్రిభుజం మీదుగా గాని, తెగని గీతను దాటుకుని గాని లోపలికి వెళ్లకూడదు. నిషేధం ఉందన్నది ఒక కారణమైతే, అక్కడ మీ వేగం ఇంకా తక్కువగా ఉంటుందన్నది అంతకంటే పెద్ద కారణం. ఖాళీ కనిపించిందని మొన దగ్గరే లోపలికి దూరేవారు వేగం పెంచుకోవలసిన రెండు వందల మీటర్లనూ వృథా చేసుకుని, ఆ పెంచుకోవడమేదో ఇతరుల ముందు, వారి లేన్‌లో చేస్తారు.

కొన్ని చోట్ల స్లిప్ రోడ్డు సన్నబడకుండా ఎక్స్‌ప్రెస్‌వేకు అదనపు లేన్‌గా సాగిపోతుంది. అలాంటి చోట కలవవలసిన పనే లేదు, మీ లేన్‌లో మీరు నేరుగా వెళ్లడమే. అందుకే ర్యాంపు మీద ఉన్న సూచిక బోర్డును చదవడం అలవాటు చేసుకోవాలి.

వంపులో ఉండగా చేయవలసినవి

వంపు తిరుగుతున్నంతసేపు మీ వాహనం ఎక్స్‌ప్రెస్‌వేకు ఏటవాలుగా ఉంటుంది. ఆ సమయంలో కుడి అద్దంలో ప్రధాన రహదారి సరిగా కనిపించదు. పొలమో, రెయిలింగో, మీరు వచ్చిన ర్యాంపో కనిపిస్తుంది. కాబట్టి అద్దాన్ని నమ్ముకోకుండా, కుడి కిటికీలోంచి తల తిప్పి నేరుగా రహదారి వైపు క్షణకాలం చూసి మళ్లీ ముందుకు చూడాలి. ఆ ఒక్క చూపులో మూడు సంగతులు తెలుస్తాయి: ఎడమ లేన్‌లో వాహనాలు ఎంత వేగంతో వెళ్తున్నాయి, అవి ఎంత దట్టంగా ఉన్నాయి, మీ దరిదాపుల్లో పెద్ద లారీ ఏదైనా ఉందా. మీ వాహనం లేన్‌లోకి వచ్చి ఎక్స్‌ప్రెస్‌వేకు సమాంతరంగా నిలిచాకనే అద్దం పూర్తిగా పనికివస్తుంది.

గేరు మార్చడం కూడా వంపు పూర్తయ్యేలోపే అయిపోవాలి. గేర్లు చేత్తో మార్చే చిన్న కారులో 40 కిలోమీటర్ల వేగంతో వంపు దిగుతున్నప్పుడు సాధారణంగా మూడో గేరు సరైనది. నాలుగో గేరులో ఉండి యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి బరువుగా కదులుతుంది, లేన్ మాత్రం అయిపోతూ ఉంటుంది. అదే సమయంలో కుడి ఇండికేటర్ వేయాలి. మీరు వేగం పెంచుకునేంతసేపూ అది వెలుగుతూ ఉంటే, వెనక వచ్చేవారికి మీ ఉద్దేశం గురించి ఏడెనిమిది సెకన్ల ముందే తెలుస్తుంది.

మీ ముందు ర్యాంపు మీద మరో వాహనం ఉంటే దానికీ మీకూ మధ్య ఎప్పుడూ ఉంచే దూరం కంటే ఎక్కువే ఉంచండి. దీనిని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ముందున్న డ్రైవరు కదులుతాడని మీరు అనుకుంటారు, మీ చూపు కుడి భుజం మీదుగా వెనక్కి మళ్లుతుంది, సరిగ్గా అప్పుడే అతను ధైర్యం చాలక బ్రేకు వేస్తాడు. మీరు తల ముందుకు తిప్పేసరికి అతని వెనక దీపాలు మీ బానెట్ ముందు ఉంటాయి. 80 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకను పక్కకు చూడటం అంటే 22 మీటర్లు చూడకుండా ప్రయాణించడం. ముందున్న వాహనం పూర్తిగా ఎడమ లేన్‌లో చేరిపోయిందని కళ్లతో చూసే వరకు అది ఆగిపోవచ్చుననే భావించాలి.

ఏ ఖాళీ మీది: ఒక లెక్క

కొత్తగా నేర్చుకున్నవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. వారు వంపు దిగగానే తమ పక్కన ఉన్న ఖాళీని చూసి దానిలోకే వెళ్లాలని అనుకుంటారు. అయితే ఆ క్షణంలో మీ వేగం 40, ఆ ఖాళీ వేగం 80. మీరు వేగం అందుకునేలోపు అది ముందుకు వెళ్లిపోతుంది. మీరు నిజంగా చేరబోయే ఖాళీ ఇప్పుడు మీ వెనక ఉంది.

ఎంత వెనక అన్నది ఒక సందర్భంతో చూద్దాం. మీరు 40 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 11 మీటర్ల చొప్పున, లేన్ మొదటికి వచ్చారు. లేన్ పొడవు 250 మీటర్లు. ఎడమ లేన్‌లో వాహనాలు 80 కిలోమీటర్ల వేగంతో, సెకనుకు 22 మీటర్ల చొప్పున వెళ్తున్నాయి. ఒక లారీ వెనక భాగం సరిగ్గా మీ ముందు బంపరు పక్కన ఉంది. దాని తర్వాత 100 మీటర్ల వెనక ఒక కారు వస్తోంది. మీ బండి మామూలు చిన్న కారు, గట్టిగా తొక్కితే 40 నుంచి 80కి చేరడానికి దాదాపు ఏడున్నర సెకన్లు పడుతుంది.

ఆ ఏడున్నర సెకన్లలో మీరు సుమారు 123 మీటర్లు వెళ్తారు, లారీ 164 మీటర్లు వెళ్తుంది. అంటే మీరు 80 అందుకునే సరికి లారీ మీకంటే 41 మీటర్లు ముందు ఉంటుంది. వెనక కారు కూడా అంతే దూరం మీకు దగ్గరవుతుంది గనుక, మీ కారు పొడవు తీసేస్తే అది 55 మీటర్ల వెనక ఉంటుంది. ఆ వేగంలో ముందు దాదాపు రెండు సెకన్ల దూరం, వెనక రెండున్నర సెకన్ల దూరం మిగులుతాయి. ఇద్దరికీ అది చాలు. పైగా ఇంకా 120 మీటర్లకు పైగా లేన్ ఉంది, అంటే అద్దం చూసి, భుజం మీదుగా చూసి, నింపాదిగా పక్కకు జరగడానికి ఐదు సెకన్లు. ఈ సందర్భంలో చేయవలసింది ఒక్కటే: మొదటి మీటరు నుంచే సంకోచం లేకుండా తొక్కాలి.

ఇప్పుడు ఒక్క మార్పు చేద్దాం. వెనక కారు లారీకి 100 కాక 60 మీటర్ల దూరంలోనే ఉంది. పై విధంగానే వేగం పెంచితే అది మీ వెనక 15 మీటర్ల దూరానికి వస్తుంది. సెకను కంటే తక్కువ. అది ఖాళీ కాదు. మీరు దూరితే ఆ డ్రైవరు బ్రేకు వేయక తప్పదు. కాబట్టి ఆ కారును ముందుకు పోనిచ్చి దాని వెనక చేరాలి. అయితే ఎలా? చాలామంది ముందు 80 వరకు తొక్కి, లేన్ చివరలో ఆ కారును పక్కన చూసి బ్రేకు వేస్తారు. అప్పటికి కూడగట్టుకున్న వేగమూ పోతుంది, మళ్లీ పెంచుకోవడానికి లేన్ కూడా ఉండదు. దీనికి బదులు మొదట్లోనే 40 వేగాన్ని ఆరు సెకన్లు అలాగే నిలిపి ఉంచితే మీరు 67 మీటర్ల లేన్ మాత్రమే వాడుకుంటారు, ఆ కారు మిమ్మల్ని దాటిపోతుంది. ఆ తర్వాత గట్టిగా తొక్కితే 190 మీటర్ల దగ్గర మీరు 80 అందుకుంటారు. అప్పటికి ఆ కారు వెనక భాగం మీకు 44 మీటర్ల ముందు, అంటే రెండు సెకన్ల దూరంలో ఉంటుంది. లేన్ ఇంకా 60 మీటర్లు మిగిలి ఉంటుంది. ఆలస్యం చేయదలిస్తే లేన్ మొదట్లో, వీలైతే ర్యాంపు మీదే చేయాలి, చివరి సగం పూర్తిగా వేగం పెంచుకోవడానికే మిగలాలి. అయితే వేగం నిలిపి ఉంచే ముందు లోపలి అద్దంలో మీ వెనక ర్యాంపు మీద ఎవరైనా ఆనుకుని వస్తున్నారేమో చూసుకోవాలి, ఆ కారు వెనక మరో వాహనం అతుక్కుని రావడం లేదని కూడా నిర్ధారించుకోవాలి.

రోడ్డు మీద ఎవరూ ఈ లెక్కలు వేయరు, వేయనవసరం లేదు. గుర్తుపెట్టుకోవలసింది రెండే. కుడి పక్కన ఉన్న ఖాళీని వదిలి దాని వెనక ఖాళీని చూడాలి. మీ బండికి 40 నుంచి 80కి ఎన్ని సెకన్లు పడుతుందో తెలిసి ఉండాలి. ఈ రెండోది ఖాళీగా ఉన్న విశాలమైన రోడ్డు మీద పక్కన కూర్చున్నవారు గడియారం చూస్తుండగా ఒకసారి పరీక్షించుకోవచ్చు. బండి నిండా మనుషులు, సామాను ఉన్నప్పుడు, లేదా ర్యాంపు ఎగువకు ఎక్కుతున్నప్పుడు అదే వేగానికి పదకొండు సెకన్ల వరకు పట్టవచ్చు. అప్పుడు 123 మీటర్లు కాస్తా 185 మీటర్లు అవుతుంది, వేచి ఉండే వెసులుబాటు దాదాపు పోతుంది. నిండు బండితో ఉన్నవారు పెద్ద ఖాళీ కోసమే చూడాలి.

పక్కకు జరిగే క్షణం

వేగం సమానమైందనడానికి మంచి గుర్తు కుడి అద్దంలో ఉంటుంది. మీ వెనక రాబోయే వాహనం అద్దంలో అదే పరిమాణంలో నిలకడగా ఉంటే మీ ఇద్దరి వేగం ఒకటే. అది పెద్దదవుతూ ఉంటే మీరు ఇంకా నెమ్మదిగా ఉన్నారు. ఇది తేలాక కుడి భుజం మీదుగా ఒక్కసారి చూడండి. అద్దానికి అందని చోట ద్విచక్ర వాహనమో, నడి లేన్ నుంచి ఎడమకు మారుతున్న కారో ఉండవచ్చు. తల తిప్పేటప్పుడు స్టీరింగు కూడా అటే లాగడం సహజంగా జరిగిపోతుంది. అందుకని చేతులు బిగించకుండా, తల మాత్రమే తిప్పాలి. ఆపై యాక్సిలరేటర్ మీది కాలు తీయకుండా, స్టీరింగును కొద్దిగా మాత్రమే తిప్పి, మూడు నాలుగు సెకన్లలో మెల్లగా లోపలికి జరగాలి. లోపలికి వచ్చాక ఇండికేటర్ ఆపి, కొంతసేపు ఎడమ లేన్‌లోనే ఉండాలి. కలిసిన ఊపులోనే రెండో లేన్‌కు, అక్కడి నుంచి మూడో లేన్‌కు దూకడం నాకు అన్నింటికంటే ప్రమాదకరంగా తోచే అలవాటు. మీరు మొదట చూసి ఉంచుకున్నది ఎడమ లేన్‌ను మాత్రమే. పక్క లేన్ వేగం వేరు, దానిని మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి.

లోపలి అద్దంలో వెనక కారు ముందు భాగం ఒక్కసారిగా కిందికి వంగినట్లు కనిపిస్తే ఆ డ్రైవరు బ్రేకు వేశాడని అర్థం. ఎవరూ హారన్ కొట్టకపోయినా ఆ చేరిక సరిగా జరగలేదు.

ఖాళీయే దొరకకపోతే

వాహనాలు దట్టంగా, వేగంగా వెళ్తున్నప్పుడు నిజంగానే చోటు దొరకని సందర్భాలు అరుదుగా వస్తాయి. అప్పుడు ఆగక తప్పదు గాని, లేన్ చివరి మొన వరకు వెళ్లి ఆగకూడదు. నిలిచి ఉన్న స్థితి నుంచి 80కి చేరడానికి ఆ చిన్న కారుకే 15 సెకన్లు, 165 మీటర్లు కావాలి. ఆ 15 సెకన్లలో ఎక్స్‌ప్రెస్‌వే మీది వాహనం దాదాపు 330 మీటర్లు వస్తుంది. లేన్ ఇంకా చాలా మిగిలి ఉండగానే వేగం బాగా తగ్గించి, వెనకవారికి కనిపించేలా హజార్డ్ లైట్లు వేసి ఆగితే, మళ్లీ బయలుదేరడానికి ముందు చోటు ఉంటుంది. చివర్లో ఆగిపోయినవారు వెనక్కి రివర్సు చేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. ఎంతసేపైనా సరే, చాలా పెద్ద ఖాళీ వచ్చే వరకు అక్కడే ఉండాలి. బయలుదేరే ముందు హజార్డ్ లైట్లు ఆపి ఇండికేటర్ వేయడం మరచిపోకండి. హజార్డ్ వెలుగుతుంటే మీరు ఎటు కదులుతారో ఎవరికీ తెలియదు.

మీరు ఎక్స్‌ప్రెస్‌వే మీదే ఉన్నప్పుడు

ప్రాధాన్యం మీదే అయినా, ర్యాంపు మీద వచ్చేవారిని దూరం నుంచే గమనించడం మీ పని. కుడి లేన్ ఖాళీగా ఉంటే ముందుగానే దానిలోకి మారవచ్చు. మారలేకపోతే యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిక చేస్తే చాలు, ఒకటి రెండు సెకన్ల దూరం దానంతటదే ఏర్పడుతుంది. దయతోనైనా సరే, గట్టిగా బ్రేకు వేసి చోటు ఇవ్వకూడదు. మీ వెనకవారు దానిని ఊహించరు, ర్యాంపు మీద ఉన్నవారు అప్పటికే మీ వెనక చేరాలని లెక్క వేసుకుని ఉంటారు. చేరబోతున్నవారిని చూసి వేగం పెంచి ఖాళీ మూసేయడం కూడా అంతే తప్పు. నిలకడగా వెళ్లే వాహనాన్నే ఇతరులు సరిగా అంచనా వేయగలరు.

వాహనాలు పాకుతున్నప్పుడు: జిప్పర్ పద్ధతి

పైన చెప్పినదంతా వాహనాలు ధారాళంగా సాగుతున్నప్పటి మాట. ఎడమ లేన్ కూడా నిండిపోయి అంతా పది ఇరవై కిలోమీటర్ల వేగంతో పాకుతున్నప్పుడు వేగం అందుకోవడం అనే సమస్యే ఉండదు, ఎవరి తర్వాత ఎవరు అన్నది మాత్రమే మిగులుతుంది. అక్కడ జిప్పు పళ్లు ఒకదాని పక్కన ఒకటి చేరినట్లు, ఎక్స్‌ప్రెస్‌వే నుంచి ఒక వాహనం, స్లిప్ రోడ్డు నుంచి ఒక వాహనం చొప్పున వంతులవారీగా కలుస్తారు.

దీనికి లేన్ చివరి వరకు రావడం అవసరం. చివరిదాకా రావడం అంటే వరుస తప్పడమని చాలామంది భావించి, మొన దాటగానే ఆగిపోయి కలవాలని చూస్తారు. దానివల్ల ముందు ఉన్న లేన్ ఖాళీగా ఉండిపోయి, వెనక ర్యాంపు మీద వరుస పొడవు పెరుగుతుంది, ఒక్కోసారి ర్యాంపు మొదట్లోని కూడలి వరకు పాకుతుంది. పైగా ఒకరు మొదట్లో, ఒకరు మధ్యలో, ఒకరు చివర్లో కలుస్తుంటే ఎడమ లేన్‌లోని డ్రైవరు మూడు చోట్ల ఆగవలసి వస్తుంది. అందరూ ఒకే చోట, లేన్ సన్నబడే చోట కలిస్తే ఎవరి వంతు ఎప్పుడో అందరికీ కనిపిస్తుంది.

మీ వంతును ముందుగానే ఎంచుకోండి. లేన్ సగానికి వచ్చేసరికి, ఎడమ లేన్‌లో మీకు కాస్త ముందు వెళ్తున్న వాహనాన్ని గుర్తుపెట్టుకుని, దాని వెనక భాగం మీ ముందు బంపరుకు కొంచెం ముందు ఉండేలా దానితో పాటే కదలండి. ఆ తర్వాతి వాహనం డ్రైవరు మీకోసం కొద్దిగా చోటు వదిలితే లోపలికి జరగండి. అతను వదలకపోతే పట్టుబట్టవద్దు, అతని తర్వాతి వాహనం ముందు చేరండి. పొడవైన లారీ కూడా ఒక్క వాహనమే, దాని పక్కనుంచి ఇద్దరు దూరకూడదు. మీ ముందున్న వాహనం కలిసిన ఖాళీలోనే దాని వెంట మీరూ దూరిపోవడం వంతు దాటడమే అవుతుంది. రోడ్డు అంచున ఉండే షోల్డర్ మీదుగా ముందుకు వెళ్లి కలవడం జిప్పర్ పద్ధతి కాదు.

ఈ వంతుల పద్ధతి చట్టం దృష్టిలో ప్రాధాన్యాన్ని మార్చేస్తుందని అనుకోవడం పొరపాటు. జర్మనీ ట్రాఫిక్ నియమాలలో లేన్ ఒకటి ముగిసే చోట ఒకటి విడిచి ఒకటి కలవాలనే నిబంధన స్పష్టంగా ఉంది. అదే దేశంలో ఆటోబాన్ అనే అక్కడి ఎక్స్‌ప్రెస్‌వేలో ప్రవేశించే చోట మాత్రం నేరుగా వెళ్లేవారికే ప్రాధాన్యమని వేరే నిబంధన చెబుతుంది. బ్రిటన్ హైవే కోడ్ కూడా వంతులవారీగా కలవడాన్ని వాహనాలు చాలా నెమ్మదిగా ఉన్నప్పుడు మాత్రమే సిఫారసు చేస్తుంది. కాబట్టి స్లిప్ రోడ్డు నుంచి వచ్చేవారికి వంతు దొరకడం ఎడమ లేన్‌లోని వారి సహకారం మీద ఆధారపడి ఉంటుంది. వారు చోటు ఇచ్చారని అద్దంలో చూసి నిర్ధారించుకున్నాకే కదలాలి.

రద్దీ విడిపోతున్న సమయం కాస్త గందరగోళంగా ఉంటుంది. ఎడమ లేన్ వేగం ఇరవై నుంచి నలభైకి, అక్కడి నుంచి అరవైకి పెరుగుతుంటే వంతుల పద్ధతి పనిచేయడం ఆగిపోతుంది, ఎందుకంటే వాహనాల మధ్య దూరాలు పెరుగుతాయి, ఎవరూ మీకోసం వేగం తగ్గించరు. ఆ మార్పు కనిపించగానే మీరు కూడా ముందున్న వాహనానికి దూరం పెంచుకుని, కుడి అద్దంలోకి చూసి, వెనక నుంచి వచ్చే ఖాళీని ఎంచుకునే మొదటి పద్ధతికి మారాలి.